పొట్లం వెనకవైపు

(హైదరాబాదులో ఒక నివాస సముదాయం హాలులో, జైనుల పర్యూషణ పండుగకు ముందు ఆదివారం చేసిన ప్రసంగం. చివరలో శ్రోతల ప్రశ్నలు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. నేను ఇరవై రెండేళ్లు చిరుతిళ్ల ఫ్యాక్టరీలో పనిచేశాను. అందులో సగం కాలం లేబుళ్లు రాసే పనే. పొట్లం వెనక చీమ తలంత అక్షరాలతో పదార్థాల జాబితా ఉంటుంది కదా, అది తయారుచేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అక్షరాలు అంత చిన్నవిగా ఎందుకుంటాయని ఇప్పుడు అడగకండి. దానికి ఇంకో ఆదివారం కావాలి.

మా ఎదురింట్లో ఒక జైన కుటుంబం ఉంది. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ముట్టరు. తాతల నాడు రాజస్థాన్ నుంచి వచ్చి బేగం బజారులో కొట్టు పెట్టినవారు. ఆ ఇంటి ఇల్లాలిని నేను వదినగారూ అంటాను. ఆమె తెలుగు నా తెలుగు కంటే శుభ్రంగా ఉంటుంది. రెండేళ్ల క్రితం ఊరి నుంచి వస్తూ వాళ్ల పిల్లలకు మసాలా వేరుశనగల పొట్లం తెచ్చిచ్చాను. ఆకుపచ్చ చుక్క ఉంది, ఆలూ లేదు, ఉల్లి బొమ్మ లేదు, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆమె పొట్లం తీసుకుని వెంటనే వెనక్కి తిప్పారు. ఒకసారి చదివారు. మళ్లీ చదివారు. "వదినా, ఇందులో మిక్స్‌డ్ స్పైసెస్ అని రాశారు, అంటే ఏమేమిటి?" అని అడిగారు. లేబుళ్లు రాసి జీతం తీసుకున్న మనిషిని, నా దగ్గర జవాబు లేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి. ఆ పొట్లాన్ని కూడా కాసేపట్లో విప్పి చూద్దాం.

ముందు చుక్క సంగతి. మన దేశంలో చతురస్రం మధ్యలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసం, చేప, గుడ్డు, జంతువుల నుంచి వచ్చిన పదార్థాలు అందులో లేవని దాని అర్థం. చుక్క చెప్పేది అంతవరకే. భూమిలో పండినదా, భూమి మీద పండినదా అన్నది దానికి సంబంధం లేని విషయం. వెల్లుల్లి కారానికీ ఆకుపచ్చ చుక్కే, బంగాళాదుంప చిప్స్‌కీ ఆకుపచ్చ చుక్కే. ఇంకో సంగతి కూడా ఉంది. చట్టం రాసిన నిర్వచనంలో పాలతోపాటు తేనెకూ, తేనెమైనానికీ, లక్కకూ మినహాయింపు ఉంది. జైనులు తేనె ముట్టరు. లక్క పురుగు స్రావం, తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్యల్లో ఐఎన్‌ఎస్ 904 అనే సంఖ్యతో మిఠాయి బిళ్లల మీద మెరుపు పూతగా వాడతారు. అది ఉన్న పొట్లం మీదా ఆకుపచ్చ చుక్క ఉండవచ్చు. కాబట్టి చుక్కను చూసి పొట్లం చేతిలోకి తీసుకోవచ్చు గానీ బుట్టలో వేసుకోకూడదు.

మరి జైనులు వదులుకునేవి ఏమిటి? ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, చిలగడదుంప, కంద, చేమ, పెండలం, పచ్చి అల్లం, పచ్చి పసుపు. జైనులు వీటిని అనంతకాయం అంటారు, ఒకే శరీరంలో అనంతమైన జీవులు ఉన్నవి అని. మామిడి చెట్టుకు ఒక కాయ కోస్తే చెట్టు బతికే ఉంటుంది. దుంపను పెకలిస్తే మొక్క పోతుంది, దాని చుట్టూ మట్టిలో ఉన్న ప్రాణాలూ పోతాయి. పైగా బంగాళాదుంపకు ఉన్న ప్రతి కన్నూ మళ్లీ మొలవగలదు. ఇదీ వాళ్ల లెక్క. ఇది వృక్షశాస్త్రం పుస్తకంలోని వేరు, కాండం విభజన కాదని గమనించండి. శాస్త్రం ప్రకారం బంగాళాదుంప కాండమే, వేరు కాదు. ఉల్లిపాయ ఆకుల గుబురు. అయినా రెండూ ఈ జాబితాలో ఉన్నాయి.

మన భాష ఇక్కడ రెండు వైపులా మోసం చేస్తుంది. వేరుశనగ పేరులోనే వేరు ఉంది, భూమిలోనే కాస్తుంది కూడా. కానీ అది కాయ, గింజ. చాలామంది జైనులు నిక్షేపంగా తింటారు. సగ్గుబియ్యం పేరులో బియ్యం ఉంది. కానీ అది కర్రపెండలం దుంప పిండి. మన సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో తయారయ్యేది అదే. మనం ఉపవాసం రోజున పవిత్రంగా తినే సగ్గుబియ్యం పాయసం జైన అతిథి ముందు పెడితే ఆమె చెయ్యి వెనక్కి తీసుకోవచ్చు. అలాగే కంది వేరే, కంద వేరే. ఒక్క గుడి పోతే చాలు పప్పు దుంప కావడానికి. నవ్వుతున్నారు గానీ, ఒక పెళ్లిలో వంటవాడికి చీటీ రాసిచ్చినప్పుడు నిజంగా జరిగింది.

ఇప్పుడు చాలామందికి వచ్చే సందేహం. అల్లం వద్దంటే శొంఠి? పచ్చి పసుపు వద్దంటే కూరలో వేసే పసుపు? ఎండిన పసుపు, శొంఠి దాదాపు అన్ని జైన వంటిళ్లలోనూ ఉంటాయి. ఆ రెండూ తమంతట తాము ఎండిపోతాయి, మొలిచే శక్తి పోతుంది, చిటికెడే వాడతాం, అదీ మందులా, అని వాళ్లు చెప్పే కారణం. మరి ఎండబెట్టిన బంగాళాదుంప పొడి ఎందుకు పనికిరాదంటే, దాన్ని మందులా చిటికెడు వాడం, పిడికెళ్లతో రుచి కోసం తింటాం. ఎండబెట్టిన ఉల్లి, వెల్లుల్లి పొడులకూ ఈ వెసులుబాటు లేదు. లేబుల్ మీద దీని అర్థం ఏమిటంటే, పసుపు పొడి, శొంఠి పొడి అని ఉంటే ఫరవాలేదు, అల్లం పేస్టు అని ఉంటే వద్దు. కేవలం అల్లం అని రాసి ఊరుకుంటే అడగాలి. వేయించిన పొడి మసాలాలో ఉన్నది శొంఠే అయి ఉంటుంది గానీ సాస్‌లో, పచ్చడిలో పచ్చి అల్లమే ఉంటుంది.

ఇంగువ గురించి కూడా ఒక మాట. ఇంగువ ఒక మొక్క వేరు దగ్గర గాటు పెడితే కారే జిగురు. అయినా జైన వంటలో ఉల్లి, వెల్లుల్లి లోటు తీర్చేది అదే. నియమం ఎక్కడ గీత గీసిందో వాళ్లకు తెలుసు, మనం బయట నుంచి తర్కం చేసి తేల్చే విషయం కాదు. ఇంకా ఒక ఇంటికీ మరో ఇంటికీ తేడా ఉంటుంది. కొందరు ఉల్లి, వెల్లుల్లి మాత్రమే మానేసి బంగాళాదుంప తింటారు. కొందరు ఏడాదంతా తిని చాతుర్మాసంలో, పర్యూషణంలో మానేస్తారు. కొందరు పుట్టినప్పటి నుంచీ ముట్టరు. లేబుల్ చదవడానికి ముందు ఎవరి కోసం చదువుతున్నామో వాళ్లను ఒకమాట అడగండి.

సరే, వెనకవైపుకు వద్దాం. ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి, బంగాళాదుంప తునకలు అని పేరు పెట్టి రాస్తే అసలు సమస్యే లేదు. నూడుల్స్‌తో వచ్చే మసాలా పొట్లంలో, టమాటా కెచప్‌లో చాలావరకు అలా పేరుతోనే కనిపిస్తాయి. పదార్థాల జాబితా కాస్త ఓపికగా చదివితే చాలు. చిక్కు అంతా పేరు లేకుండా వచ్చేవాటితోనే. మన లేబుల్ నిబంధనలు, 2020లో వచ్చినవి, రెండు తలుపులు తెరిచి ఉంచాయి. ఇందులో మోసమేమీ లేదు, తయారీదారు చట్టం ఇచ్చిన సౌకర్యం వాడుకుంటున్నాడు.

మొదటిది గుంపు పేరు. కొన్ని రకాల పదార్థాలను విడివిడిగా కాకుండా ఒకే పేరు కింద రాయవచ్చు. మసాలా దినుసులన్నిటినీ కలిపి "స్పైసెస్ అండ్ కాండిమెంట్స్" అనో, "మిక్స్‌డ్ స్పైసెస్" అనో రాయవచ్చు. స్టార్చ్‌ను రసాయనికంగా మార్చకపోతే ఉత్త "స్టార్చ్" అని రాయవచ్చు, మొక్కజొన్నదా, కర్రపెండలందా, బంగాళాదుంపదా చెప్పనక్కర్లేదు. నూనెకు మాత్రం ఈ సౌకర్యం లేదు, ఏ నూనో పేరు రాయాల్సిందే. వెల్లుల్లిని మసాలా దినుసుల్లో కలిపేయడం న్యాయమేనా అని మీరు అడగవచ్చు. మన స్పైసెస్ బోర్డు దినుసుల పట్టికలో 52 పేర్లు ఉన్నాయి, మిరియాలు, యాలకులు, జీలకర్రతోపాటు వెల్లుల్లి కూడా అందులో ఉంది. ఉల్లి లేదు. కాబట్టి వెల్లుల్లి పొడిని దినుసే అనడానికి ఆధారం ఉంది. ఉల్లి పొడిని చాలామంది కాండిమెంట్ అనే మాట కింద పెడతారు. అందుకే నేను "కాండిమెంట్స్" అన్న మాట కనిపిస్తే "స్పైసెస్" అన్న మాటకంటే ఎక్కువ అనుమానంగా చూస్తాను.

రెండో తలుపు ఐదు శాతం. ఒక పదార్థం తానే రెండు మూడు పదార్థాల మిశ్రమం అనుకోండి, మసాలా పొడి లాగా. దాని లోపల ఏమున్నాయో పక్కన కుండలీకరణంలో రాయాలి. కానీ ఆ మిశ్రమం మొత్తం తిండిలో ఐదు శాతం కంటే తక్కువైతే, అందులో కలిపిన రసాయనాలు, అలర్జీ కలిగించేవి తప్ప మిగతావి రాయనక్కర్లేదు. ఇప్పుడు ఆలోచించండి. చిరుతిండి మీద చల్లే మసాలా ఎంత ఉంటుంది? మా ఫ్యాక్టరీలో గుండ్రంగా తిరిగే పీపాలో చల్లేవాళ్లం. చిప్స్‌కైతే నూటికి ఆరేడు గ్రాములు అంటుతుంది. పప్పులకు, వేరుశనగలకు అంతకంటే తక్కువ అంటుతుంది. అంటే చిప్స్ మసాలా తన లోపలి పేర్లు చెప్పాలి, పప్పుల మసాలా చెప్పనక్కర్లేదు. రెండిట్లోనూ అదే వెల్లుల్లి పొడి ఉండవచ్చు. చిప్స్ పొట్లం మీద పేరు కనిపించినందుకు దాన్ని పక్కన పెట్టి, పేరు లేని పప్పుల పొట్లాన్ని కొనేవాళ్లను నేను చూశాను.

ఇప్పుడు వదినగారి పొట్లం తీద్దాం. కంపెనీ పేరు అనవసరం. జాబితా ఇలా ఉంది: వేరుశనగలు 52 శాతం, శనగపిండి, పామోలిన్ నూనె, బియ్యప్పిండి, స్టార్చ్, ఉప్పు, మిక్స్‌డ్ స్పైసెస్, పసుపు పొడి, ఇంగువ, దాని పక్కన కుండలీకరణంలో గోధుమపిండి, ఐఎన్‌ఎస్ 500, ఆపైన సహజ ఫ్లేవర్ పదార్థాలు.

జాబితాలో పేర్లు ఎలా పడితే అలా ఉండవు, బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు ఉంటాయి. ఇందులో మనకు ఉపయోగపడే గుర్తు ఉప్పు. ఎందుకంటే ఉప్పు ఎంతుందో మనం లెక్క వేసుకోవచ్చు. పోషక విలువల పట్టికలో సోడియం ఇవ్వాలి. ఈ పొట్లంలో నూరు గ్రాములకు 620 మిల్లీగ్రాములు. సోడియంను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. 620 రెట్టింపు 1240, సగం 310, మొత్తం 1550. అంటే నూటికి సుమారు గ్రామున్నర. నిజానికి ఇంకా కొంచెం తక్కువే, ఎందుకంటే ఐఎన్‌ఎస్ 500 అంటే వంట సోడా, దానిలోనూ సోడియం ఉంటుంది. మిక్స్‌డ్ స్పైసెస్ ఉప్పు తర్వాత ఉన్నాయి. కాబట్టి ఈ పొట్లంలో మసాలా నూటికి గ్రామున్నరకు మించదు. ఐదు శాతానికి ఆమడ దూరంలో ఉంది. కుండలీకరణం లేకపోవడం అందుకే. లేకపోవడానికి అర్థం "వెల్లుల్లి లేదు" అని కాదు, "చెప్పే బాధ్యత లేదు" అని మాత్రమే. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే సగం లేబుళ్లు మీకు లొంగుతాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. ఉప్పును మసాలాలోనే కలిపి చల్లితే జాబితాలో ఉప్పు విడిగా కనిపించదు, అప్పుడు ఈ లెక్క పనిచేయదు.

ఇంగువను చూడండి. గ్రాములో ఎన్నో వంతు ఉండే ఇంగువ పక్కన కుండలీకరణం ఉంది, దానికంటే ఎక్కువ ఉన్న మసాలా పక్కన లేదు. విడ్డూరంగా లేదూ? మనం కొనే ఇంగువ మిశ్రమం, అందులో గోధుమపిండి కలుస్తుంది. గోధుమ అలర్జీ కలిగించేవాటి పట్టికలో ఉంది కాబట్టి ఎంత తక్కువైనా చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి ఆ పట్టికలో లేవు. అందుకే పొట్లం కింద "ఉండవచ్చు" అని అలర్జీ హెచ్చరిక రాస్తారు చూడండి, అందులో వెల్లుల్లి లేదని సంతోషపడకండి. అక్కడ వెతకడం పెరట్లో పోయిన ఉంగరాన్ని వీధిలో వెతకడమే.

ఫ్లేవర్ సంగతి కూడా అంతే. సహజమైనవైతే, లేదా సహజమైన వాటిని పోలినవైతే, ఆ వర్గం పేరు రాస్తే సరిపోతుంది. వెల్లుల్లి నూనె, ఉల్లి సారం ఆ మాట వెనక హాయిగా కూర్చోగలవు. బిస్కెట్‌లో ఆ మాట ఉంటే నేను పట్టించుకోను, వెనీలానో యాలకులో అయి ఉంటుంది. ఉప్పు, కారం తగిలిన చిరుతిండిలో ఉంటే ఆగుతాను.

కాబట్టి మన పొట్లంలో మూడు చోట్ల చీకటి ఉంది. స్టార్చ్, మిక్స్‌డ్ స్పైసెస్, ఫ్లేవర్. మిగతా వేరుశనగలు, శనగపిండి, నూనె, బియ్యప్పిండి, పసుపు, ఇంగువ అన్నీ తేటతెల్లంగా కనిపిస్తున్నాయి. ఇక్కడితో చదవడం అయిపోయింది, అడగడం మొదలవుతుంది. ప్రతి పొట్లం మీదా వినియోగదారుల కోసం ఫోను నంబరో, ఈమెయిలో ఉంటుంది, ఉండి తీరాలి.

ఎలా అడగాలన్నది నేను అవతలి కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతాను. "ఇది జైనులు తినవచ్చా?" అని అడగకండి. ఫోను ఎత్తిన అమ్మాయి ముందున్న కాగితంలో ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. "మా ఉత్పత్తి నూటికి నూరుపాళ్లు శాకాహారం" అని చెప్పి పెట్టేస్తుంది. పాపం తనకు తెలిసింది అదే. ఈమెయిల్ రాయండి. పొట్లం పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఇవ్వండి. ఆపైన మూడే ప్రశ్నలు. మిక్స్‌డ్ స్పైసెస్‌లో ఉల్లి గానీ వెల్లుల్లి గానీ, పొడిగా, నూనెగా, సారంగా ఏ రూపంలోనైనా ఉన్నాయా? ఫ్లేవర్‌లో ఉన్నాయా? స్టార్చ్ ఏ పంట నుంచి తీశారు? అవును, కాదు అని గానీ ఒక్క మాటలో గానీ జవాబు చెప్పగలిగే ప్రశ్న అయితే అది నాణ్యత విభాగం దాకా వెళుతుంది. "నిబంధనలన్నీ పాటిస్తున్నాం", "మా మసాలా మా రహస్యం" అన్నవి జవాబులు కావు. రహస్యమే కానివ్వండి, వెల్లుల్లి లేదు అని చెప్పడానికి రహస్యం బయటపెట్టనక్కర్లేదు కదా. ఇలాంటి జవాబు వస్తే నేనైతే వెల్లుల్లి ఉందనే లెక్క వేసుకుంటాను.

నేను రాశాను. తొమ్మిది రోజులకు జవాబొచ్చింది. స్టార్చ్ మొక్కజొన్నది. ఫ్లేవర్‌లో ఉల్లి, వెల్లుల్లి లేవు. మిక్స్‌డ్ స్పైసెస్‌లో వెల్లుల్లి పొడి ఉంది. వదినగారి అనుమానమే నిజమైంది. గ్రామున్నర మసాలాలో వెల్లుల్లి ఎంత ఉంటుంది, పదో వంతు అనుకున్నా నూటికి పదిహేను సెంటీగ్రాములు. ఆ మాత్రానికి ఏమవుతుందని మా ఆయన అన్నారు. అయ్యేదీ కానిదీ మనం తేల్చేది కాదని నేను అన్నాను.

లేబుల్‌లో ఎదురుపడే ఇంకో రకం చిక్కు, దుంపలా కనిపించని దుంపలు. ఎర్రటి రంగుకు ఐఎన్‌ఎస్ 162 అని ఉంటే అది బీట్‌రూట్ రంగు. చల్లటి పెరుగు పానీయాల్లో, ఐస్‌క్రీముల్లో కనిపిస్తుంది. ఐఎన్‌ఎస్ 160ఎ అనే పసుపు, నారింజ రంగుకు ఉపవిభాగాలున్నాయి, మొక్కల నుంచి తీసినదానికి క్యారెట్ కూడా మూలం కావచ్చు, కృత్రిమంగా చేసినది కూడా ఉంది. వీటికంటే ఎక్కువగా తప్పించుకునేది ఇనులిన్. పీచు పదార్థం ఎక్కువ అని రాసే బిస్కెట్లు, ఓట్స్, చక్కెర తగ్గించిన మిఠాయిల్లో ఇది ఉంటుంది. బజారులో దొరికే ఇనులిన్‌లో చాలా భాగం చికోరీ వేరు నుంచి తీసినదే. ఆరోగ్యానికి మంచిదని ముందువైపు పెద్ద అక్షరాలతో రాసిన పీచే, వెనకవైపు చూస్తే వేరు. మార్పు చేసిన స్టార్చ్ ఐఎన్‌ఎస్ 1400ల సంఖ్యలతో వస్తుంది. ఆ సంఖ్య ఏం మార్పు చేశారో చెబుతుంది గానీ ఏ పంటో చెప్పదు. సూపుల్లో, సాసుల్లో ఉంటే అడగాల్సిందే.

ఇక మీ ప్రశ్నలు వింటాను.

ఒక శ్రోత: పొట్లం మీద "జైన్" అనే రాసి ఉంటే ఇంత పరిశోధన ఎందుకు మేడమ్?

మంచి ప్రశ్న. ఆకుపచ్చ చుక్కకు చట్టం ఉంది. వీగన్ ఆహారానికి 2022లో నిబంధనలూ, విడిగా గుర్తూ వచ్చాయి. జైన ఆహారానికి అలాంటి ప్రభుత్వ గుర్తు లేదు. "జైన్" అన్న మాట కంపెనీ ఇచ్చే హామీ. హామీ అబద్ధమైతే తప్పుదారి పట్టించిన లేబుల్ కింద ఫిర్యాదు చేయవచ్చు, అందుకని కంపెనీలు తేలిగ్గా రాయవు. కానీ వాళ్ల దృష్టిలో జైన్ అంటే ఏమిటో చూడాలి. కొందరికి ఉల్లి, వెల్లుల్లి లేకపోతే చాలు, బంగాళాదుంప స్టార్చ్ గుర్తుకురాదు. "ఉల్లి, వెల్లుల్లి లేవు" అని మాత్రమే రాసిన కెచప్ దుంపల గురించి ఏమీ చెప్పలేదని గుర్తుంచుకోండి. జైన్ అని ఉన్నా వెనకవైపు ఒకసారి తిప్పండి, ఈసారి త్వరగా అయిపోతుంది.

ఇంకో శ్రోత: ఒకే యంత్రం మీద ఉల్లి మసాలా చిప్స్, మామూలు చిప్స్ చేస్తారు కదా. అది తెలుసుకోవచ్చా?

లేబుల్ నుంచి తెలియదు. అలర్జీ పదార్థాలకు తప్ప అలా చెప్పాలని లేదు. లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మసాలా చల్లే పీపాను నీళ్లతో కడిగితే తడి మిగిలి ముద్ద కడుతుంది. అందుకని చాలాచోట్ల పొడిగా తుడిచి, మొదట వచ్చిన కొంత సరుకు పక్కన పెడతారు. వాసన పూర్తిగా పోదు. అరటికాయ చిప్స్ పొట్లం విప్పగానే ఉల్లి వాసన వచ్చిందని ఫిర్యాదులు మాకు వచ్చేవి, జాబితాలో ఉల్లి లేదు. కాబట్టి ముక్కు కూడా లేబులే అనుకోండి. అయితే జాబితాలో లేనిది పొరపాటున అంటితే ఏం చేయాలన్నది తినేవారి నిర్ణయం. అంత పట్టింపు ఉన్నవారు సాధారణంగా బయటి చిరుతిళ్లు కొనరు, ఇంట్లోనే ఖాఖ్రాలనే కరకరలాడే పల్చటి రొట్టెలు చేసుకుంటారు.

ఒక పెద్దావిడ: మన పచ్చళ్లు, పొడుల సంగతేమిటమ్మా? మా అమ్మాయి అమెరికా నుంచి అడుగుతోంది, వాళ్ల ఆఫీసులో గుజరాతీ స్నేహితురాలికి ఇవ్వాలట.

అమ్మా, మన పొడుల్లో వెల్లుల్లి లేనిది వెతకడమే కష్టం. కందిపొడి, కారప్పొడి, నల్లకారం, కరివేపాకు పొడి, అన్నిటిలోనూ పడుతుంది, ఒక్కో ఇంట్లో పడదు. ఆవకాయను కొందరు వెల్లుల్లితో పెడతారు, కొందరు ఇంగువతో పెడతారు. పేరు చూస్తే తేలదు. చిన్న తయారీదారుల దగ్గర ఒక మంచి ఉంది, ఫోను చేస్తే కలిపినవారే మాట్లాడతారు. ఒక చెడు కూడా ఉంది, గోంగూర పచ్చడికి వేసిన లేబులే పండుమిరప పచ్చడికీ వేసేవాళ్లున్నారు. పదార్థాల జాబితాకూ సీసాలో కనిపించేదానికీ పొంతన ఉందో లేదో కళ్లతో చూడండి. సీసాలో వెల్లుల్లి రెబ్బ తేలుతూ, జాబితాలో లేకపోతే ఆ కొట్టులో ఇంకే లేబులూ నమ్మకండి. మీ అమ్మాయికి ఇంగువ ఆవకాయ అని రాసి, జాబితాలో ఆవాలు, మెంతులు, ఉప్పు, కారం, నూనె, మామిడి, పసుపు, ఇంగువ అని విడివిడిగా ఉన్నది పంపండి. అయితే ఒక్కమాట, పచ్చళ్లు నిల్వ ఉంటాయి కాబట్టి వాటిని అసలే తినని జైనులూ ఉన్నారు. ముందు ఆ స్నేహితురాలిని అడగమనండి.

ఒక యువకుడు: ఒకసారి చూసి సరే అనుకున్న పొట్లాన్ని ప్రతిసారీ చూడాలా?

చూడాలి. ధర పెరిగితే స్టార్చ్ మారుతుంది, మసాలా సరఫరా చేసేవారు మారతారు. మా దగ్గర ఒక మిక్చర్‌లో ఆమ్‌చూర్ దొరకని ఏడాది మసాలా మొత్తం మార్చారు. ముందువైపు బొమ్మలో గీత కూడా మారలేదు. విదేశాలకు పంపే పొట్లానికీ ఇక్కడి పొట్లానికీ కూడా జాబితాలు వేరుగా ఉండవచ్చు. నేనైతే సరే అనుకున్న పొట్లం వెనకవైపు ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటాను. తర్వాతిసారి కొట్టులో రెండూ పక్కపక్కన పెడితే అర నిమిషంలో తేలిపోతుంది.

మొదటి వరుసలోని ఒకావిడ: ఇంతకీ మీ వదినగారికి కాఫీ అయినా ఇవ్వొచ్చా?

అదే నేను చాలాకాలం ఆలోచించలేదు. మన కాఫీ పొడిలో చికోరీ కలుస్తుంది, అది వేరు. చికోరీ కలిపిన కాఫీ పొట్లం మీద కాఫీ ఎంత, చికోరీ ఎంత అన్న శాతాలు రాస్తారు, ఈ ఒక్క విషయంలో లేబుల్ ఏమీ దాచదు. వేయించి పొడి చేసిన చికోరీని శొంఠిలా చూసేవారు కొందరు, కాదనేవారు కొందరు. నేను అడిగితే వదినగారు నవ్వి, ఇరవై ఏళ్లుగా మీ ఇంట్లో తాగుతున్నాను, ఇప్పుడెందుకు చెప్పారు వదినా అన్నారు. ఆ మర్నాటి నుంచి వారి కోసం మా వంటింట్లో చికోరీ లేని పొడి డబ్బా విడిగా ఉంది. మూత మీద వారి పేరు రాసి అంటించాను.